20 స్పీడుతో పన్నెండింటికల్లా జగిత్యాల అన్నాను

డిసెంబరు ఆఖర్లో నలభై మందికి పైగా ఒక ఉత్తరం పంపాను. చుట్టాలు, కాలేజీలో తోటి లెక్చరర్లు, పాత స్టూడెంట్లు, మా వీధి కిరాణా సేటు, అందరికీ అదే ఉత్తరం. ముందు దాన్ని ఉన్నదున్నట్టు ఇక్కడ పెడతాను, ఎందుకంటే ఈ మూడు రోజుల కథంతా అందులో చేసిన తప్పు చుట్టూనే తిరుగుతుంది.

"అందరికీ నమస్కారం. ఇంద్రవెల్లి మండలంలో నా స్నేహితుడు పనిచేసే ప్రభుత్వ హైస్కూలుకి 18 మంది ఆడపిల్లలు గూడేల నుంచి రోజూ ఐదారు కిలోమీటర్లు నడిచి వస్తున్నారు. వాళ్లకి సైకిళ్లు కొనడానికి నేను హన్మకొండ నుంచి ఇంద్రవెల్లి దాకా మూడు రోజులు సైకిల్ తొక్కుతున్నాను. మొత్తం 325 కిలోమీటర్లు. కిలోమీటరుకి రూపాయా, రెండా, ఐదా, మీ ఇష్టం. సగటు వేగం గంటకి 20 కిలోమీటర్లు. మొదటి రోజు ఉదయం 6 గంటలకి బయల్దేరి 9:30కి కరీంనగర్ కమాన్ దగ్గర, 12 గంటలకి జగిత్యాలలో ఉంటాను. రెండో రోజు 12:15కి నిర్మల్. మూడో రోజు 10 గంటలకి ఇంద్రవెల్లి."

12:15 అట. పావుగంట కూడా వదల్లేదు చూడండి. నేను చెప్పేది లెక్కల సబ్జెక్టు, ఆ విషయం ఇప్పుడే చెప్పేస్తే తర్వాత మీరు నవ్వుకోవడానికి వీలుగా ఉంటుంది.

ఆ 20 ఎక్కడి నుంచి వచ్చిందంటే, ఆదివారాలు పొద్దున్నే వర్ధన్నపేట దాకా పోయి వస్తుంటాను. హ్యాండిల్ మీద ఉన్న చిన్న మీటరు ప్రతిసారీ 21 అనో 22 అనో సగటు చూపిస్తుంది. లగేజీ ఉంటుంది కదా, పోనీలే అని ఒకటి రెండు తగ్గించి 20 వేశాను, 120ని 20తో భాగించి ఆరు గంటలు అని రాశాను. ఉత్తరం పంపిన రాత్రే కాజీపేటలో రైల్వేలో పనిచేసే మా అన్న ఒకాయన ఫోన్ చేశాడు. ఆయన బ్రెవేలు, అంటే ఇచ్చిన గడువు లోపల 200, 300 కిలోమీటర్లు పూర్తి చేయాల్సిన సైకిల్ ప్రయాణాలు, తొక్కిన మనిషి. "తమ్మీ, 20 సరే, చాయ్ తాగేటప్పుడు కూడా 20లనే పోతవా?" అన్నాడు. నవ్వి ఊరుకున్నాను.

మొదటి రోజు: హన్మకొండ నుంచి జగిత్యాల

గురువారం పొద్దున ఆరింటికి వేయిస్తంభాల గుడి ముందు ఇంకా చీకటిగానే ఉంది. జనవరి మొదటి వారంలో మన దగ్గర ఆరూ నలభై దాటితే గానీ సూర్యుడు కనపడడు. కాలేజీ వాళ్లు ఏడెనిమిది మంది వచ్చారు, బ్యానర్ తెచ్చారు, బ్యానర్ పట్టుకునే కర్ర మాత్రం మర్చిపోయారు. ప్రిన్సిపాల్ గారు రెండు ముక్కలు మాట్లాడి పచ్చజెండా ఊపేసరికి 6:25. ఒక్క కిలోమీటరు తొక్కకుండానే ఉత్తరం ఇరవై ఐదు నిమిషాలు వెనకబడింది.

హసన్‌పర్తి, ఎల్కతుర్తి దాకా హాయిగా సాగింది. ఆ తర్వాత అక్కడక్కడా నాలుగు లైన్ల రోడ్డు పనులు, మట్టి డైవర్షన్లు, ముందు లారీ లేపిన దుమ్ము. అలాంటి చోట పన్నెండు మీద పోతే గొప్ప. హుజూరాబాద్‌లో ఇడ్లీ తింటూ మీటరు చూస్తే సగటు ఇంకా 18కి పైనే చూపిస్తోంది, దాంతో ధైర్యం వచ్చింది. ఆ ధైర్యం ఎంత దొంగదో అప్పుడు తెలియదు. చక్రం ఆగగానే ఈ మీటరులో టైము కూడా ఆగిపోతుంది. నేను ఇరవై నిమిషాలు కూర్చుని ఇడ్లీ తిన్నా, రోడ్డు పక్కన నిలబడి ఫోన్ మాట్లాడినా దాని లెక్కలోకి రాదు. అది చెప్పేది చక్రం తిరిగినంతసేపు ఎంత వేగంతో తిరిగిందని మాత్రమే. కమాన్ దగ్గర దండ పట్టుకుని నిలబడ్డవాళ్ల చేతి గడియారం మాత్రం ఎవరి ఇడ్లీ కోసమూ ఆగదు.

మానేరు మీద కేబుల్ బ్రిడ్జి దాటి కమాన్ చేరేసరికి 10:55. ఉత్తరంలో 9:30 అని ఉంది. మా పాత స్టూడెంట్లు పన్నెండు మంది వస్తే అందులో ఐదుగురు డ్యూటీ టైమైందని వెళ్లిపోయారు. ఉన్నవాళ్లు ఏమీ అనలేదు గానీ దండలో బంతిపూలు వాడిపోయి ఉన్నాయి, ఒక పిల్లవాడు వాటి మీద నీళ్లు చల్లుతూ కనిపించాడు. గంటన్నర ఎండలో నిలబెట్టి, పైగా వాళ్ల దగ్గరే డబ్బులు అడగడం. తల ఎత్తలేకపోయాను. అది చాలదన్నట్టు వాళ్లు ఫొటోలు, చాయ్, ఎవరింటి నుంచో వచ్చిన సకినాలు అంటూ ఇంకో యాభై నిమిషాలు ఆపారు, పోతానని ఎట్లా అంటాం.

కొండగట్టు దాటేముందు ఒక పంక్చరు. ముల్లు కాదు, టైరులో నుంచి వచ్చే సన్నని ఇనుప తీగ ముక్క. ఇది హైవే పక్కన తొక్కే ప్రతివాడికీ తెలిసిన బాధ. లారీ టైర్లు పేలినప్పుడు లోపలి తీగలు రోడ్డు అంచున పడి ఉంటాయి, వెంట్రుకంత సన్నగా ఉంటాయి కాబట్టి కంటికి ఆనవు. ట్యూబు మార్చేముందు టైరు లోపల వేలితో నెమ్మదిగా తడిమి ఆ ముక్కని పీకకపోతే కొత్త ట్యూబు కూడా పది నిమిషాల్లో పోతుంది. నేను పీకాను. వేలు కూడా కోసుకున్నాను.

జగిత్యాల చేరింది మధ్యాహ్నం 3:35కి. అంటే రాసిన టైముకి మూడున్నర గంటలు ఆలస్యం.

మీటరు ఫొటో తీసి అందరికీ పంపాను. ఐదు నిమిషాల్లో మా బావ నుంచి ఫోన్. కిలోమీటరుకి పది రూపాయల చొప్పున ఇస్తానన్న పెద్ద దాత ఆయనే. "ఏం బావా, ఉత్తరంల 120 అన్నవ్, మీటర్ల 117.2 ఉన్నది. మూడు కిలోమీటర్లు ఎటు వోయినయ్? ఆటో ఎక్కినవా?" వేళాకోళమే గానీ నాకు మాత్రం గుచ్చుకుంది. ఎందుకంటే దూరం నేను ఊరికే రాయలేదు, ఫోన్ మ్యాపులో చూసి మరీ రాశాను, దారిలో అడ్డదారి కూడా తొక్కలేదు.

స్నానం చేస్తుంటే తట్టింది. ఈ ప్రయాణం కోసమని రెండు టైర్లూ మార్చాను. ఆదివారాలు తొక్కే 25 సైజు సన్నటి టైర్లు తీసేసి, గతుకులు, బరువు ఆలోచించి 32 సైజు వేయించాను. మీటరుకి ఆ సంగతి చెప్పలేదు. ఇలాంటి మీటర్లకి దూరం అంటే ఏమిటో తెలియదు. చువ్వకి కట్టిన అయస్కాంతం ఎన్నిసార్లు తిరిగిందో లెక్కపెట్టి, మనం ఇచ్చిన చక్రం చుట్టుకొలతతో గుణిస్తుంది, అంతే. అందులో పాత టైరు కొలత 2105 మిల్లీమీటర్లే ఉండిపోయింది.

లాడ్జి ఎదురుగా దర్జీ కొట్టు ఉంటే టేపు అడిగి తెచ్చాను. లాడ్జి కుర్రాడు చాక్‌పీసు పట్టుకున్నాడు. వరండాలో ముందు చక్రం గాలి కొట్టే వాల్వు సరిగ్గా నేలకి ఆనేట్టు పెట్టి అక్కడ గీత గీశాడు. నేను సీటు మీద కూర్చుని (మన బరువు పడితే టైరు కొంచెం నొక్కుకుంటుంది కాబట్టి ఖాళీ సైకిలుతో కొలవకూడదు) గోడ పట్టుకుని తిన్నగా ముందుకి జరిపాను, వాల్వు ఒక చుట్టు తిరిగి మళ్లీ కిందికి వచ్చిన చోట ఇంకో గీత. దర్జీ టేపు 150 సెంటీమీటర్లే కాబట్టి రెండుసార్లు పరిచి కొలవాల్సి వచ్చింది. 215న్నర. అంటే 2155 మిల్లీమీటర్లు. ప్రతి చుట్టుకీ ఐదు సెంటీమీటర్లు నాకు దక్కకుండా పోతున్నాయన్నమాట. 117.2ని 2105తో భాగించి 2155తో గుణిస్తే 120 వచ్చింది. లాడ్జి కుర్రాడికి కాలిక్యులేటర్ చూపిస్తే "గంత చిన్న తేడాకే మూడు కిలోమీటర్లా సార్?" అన్నాడు.

బావకి గీతల ఫొటోలు పంపాను. ఆయన ఒక్క ముక్క రాశాడు: "చూద్దాం."

మీటరు సరిచేశాక అసలు లెక్క కూర్చుని చేశాను. చక్రం తిరిగింది 6 గంటల 25 నిమిషాలు, అంటే తొక్కినప్పటి వేగం 18.7. రాసిన 20కి అది మరీ దూరమేమీ కాదు. ఆగింది 2 గంటల 45 నిమిషాలు. మొత్తం 9 గంటల 10 నిమిషాలకి 120 కిలోమీటర్లు, అంటే గడియారం లెక్కలో వేగం గంటకి 13 చిల్లర. నేను దాతలకి చెప్పాల్సింది ఈ 13ని, చెప్పింది ఆ 20ని. కాజీపేట అన్నకి ఫోన్ చేస్తే ఈసారి ఆయన నవ్వలేదు, వివరంగా చెప్పాడు. బ్రెవేల్లో 200 కిలోమీటర్లకి పదమూడున్నర గంటలు ఇస్తారట, అందులోనే తిండి, పంక్చరు, నిద్ర అన్నీ, గడియారం ఎక్కడా ఆగదు. గంటకి పదిహేను కూడా పడదు. "తొక్కుడు రాక ఫెయిలైనోళ్ల కంటే, ఆగిన దగ్గర లేవక ఫెయిలైనోళ్లే ఎక్కువ" అన్నాడు.

ఆ రాత్రే రెండో ఉత్తరం రాశాను.

రెండో ఉత్తరం

ముందు క్షమాపణ, కరీంనగర్ వాళ్లకి విడిగా. ఆ తర్వాత లెక్క మార్చిన తీరు. ఈసారి వేగం 18 అని వేశాను, 125 కిలోమీటర్లకి దాదాపు ఏడు గంటలు. దాని మీద తొక్కే ప్రతి గంటకీ పది నిమిషాలు నీళ్లకి, నడుం చాపడానికి. మధ్యాహ్నం అన్నానికి ముప్పావు గంట. ఎవరైనా ఎదురుచూసే చోటు ఉంటే ఒక్కోదానికి ఇరవై నిమిషాలు. రెండో రోజు మెట్‌పల్లి, ఆర్మూర్ రెండు చోట్ల మనుషులు ఉన్నారు. అన్నీ కలిపితే తొమ్మిది గంటల ముప్పై ఐదు నిమిషాలు, 6:30కి బయల్దేరితే 4:05.

కానీ 4:05 అని రాయలేదు. "నాలుగు నుంచి ఐదు మధ్య" అని రాశాను. ఒక్క టైము చెబితే జనం దానికి పది నిమిషాల ముందే వచ్చి నిలబడతారు, గంట గడువు చెబితే ఎవరికి వీలైన టైముకి వాళ్లు వస్తారు. ఇంకో మాట కూడా చేర్చాను: నిర్మల్‌కి ముప్పై కిలోమీటర్ల ముందు సోన్ బ్రిడ్జి దగ్గర ఆగి ఫోన్ చేస్తాను, ఆ ఫోన్ వచ్చాకే ఇంట్లోంచి కదలండి అని. (ముప్పై అని రాశాను గానీ బ్రిడ్జి అంతకంటే నిర్మల్‌కి బాగా దగ్గర. ఆ రాత్రి మ్యాపు చూసే ఓపిక లేదు. మర్నాడు ఒకాయన ఫోన్‌లో సరిదిద్దాడు.)

డబ్బు గురించి మొదటి ఉత్తరంలో లేనివి కూడా అప్పుడే రాశాను, బావ ఫోన్ పుణ్యమా అని. కిలోమీటరు లెక్కన ఇచ్చేవాళ్లు ఉత్తరంలో రాసిన 325కే కట్టాలి. దారి తప్పి ఎక్కువ తొక్కినా, లాడ్జి వెతుక్కుంటూ ఊళ్లో తిరిగినా ఆ కిలోమీటర్లు నావే. చీకటి పడితే మాత్రం హైవే మీద తొక్కను, ఏ బండో ఎక్కేస్తాను, అలా ఎక్కిన దూరాన్ని తీసేసి కట్టండి. నా లాడ్జి, తిండి, తిరుగు టికెట్ నా జేబులోంచి. పన్ను మినహాయింపు రసీదు కావాలని మా సేటు అడిగాడు. 80జీ రసీదు దానికి అనుమతి ఉన్న సంస్థ మాత్రమే ఇవ్వగలదు, నాలాంటి ఒంటి మనిషి ఇవ్వలేడు, ఆ మాట కూడా ముందే రాసేశాను. డబ్బు నా ఖాతాకి కాకుండా నేరుగా సైకిళ్ల షాపుకి పంపమన్నాను, బిల్లు స్కూలు పేరు మీద వస్తుంది. ఈ ఒక్క వాక్యం తర్వాత కొత్తగా నలుగురు ముందుకొచ్చారు, అందులో ఇద్దరి పేర్లు నేను కలలో కూడా అనుకోలేదు.

రెండో రోజు: జగిత్యాల నుంచి నిర్మల్

కోరుట్ల దాకా చలికి వేళ్లు కొంకర్లు పోయి బ్రేకులు నొక్కడం కూడా కష్టమైంది. మెట్‌పల్లి దగ్గర పసుపు చేలు, ఆకులు ఎండి వాలిపోయి తవ్వడానికి సిద్ధంగా ఉన్నాయి. మెట్‌పల్లిలో ముగ్గురు వచ్చారు, చెప్పిన టైములోనే చేరాను, ఇరవై నిమిషాలకి లేచాను. లేచేటప్పుడు ఒకాయన "అప్పుడేనా?" అంటే, నిన్న కమాన్ దగ్గర వాడిన బంతిపూలు కళ్ల ముందు మెదిలి, "మళ్లీ వస్తా అన్నా" అని పెడల్ మీద కాలు వేశాను.

ఆర్మూర్ రాళ్ల గుట్టలు దూరం నుంచే కనపడతాయి, కనపడ్డాక కూడా చాలాసేపటికి గానీ రావు. 11:20కి చేరాను. ఉదయం నుంచి 76 కిలోమీటర్లు, గాలి లేదు, రోడ్డు బాగుంది, లెక్కకంటే ముందే ఉన్నాను. అక్కడి నుంచి కొంచెం పక్కకి పోతే అంకాపూర్, దేశీ కోడి కూర. మా ఫ్రెండ్ అక్కడ తినకుండా వస్తే మాట్లాడనన్నాడు. పోలేదు. ఆ కూర తిన్నాక సైకిలెక్కే మనిషిని నేను ఇంతవరకు చూడలేదు. ఆర్మూర్‌లోనే పప్పు, చారుతో ముగించి 12:25కి బయల్దేరాను.

పెర్కిట్ దగ్గర 44వ నంబరు హైవే ఎక్కాక కథ మారింది. ఎదురుగాలి. చూడ్డానికి ఏమీ ఉండదు, చెట్లు కూడా పెద్దగా ఊగవు, కానీ మీటరులో 19 ఉండాల్సింది 15 దాటదు. కొత్తలో దీన్ని గెలవాలని గట్టిగా తొక్కేవాణ్ని, గంట తర్వాత తొడలు పట్టేసేవి. వేగం పెరిగేకొద్దీ గాలి ఆపే బలం అంతకు మించి పెరుగుతుంది కాబట్టి ఎదురుగాలిలో రెండు కిలోమీటర్ల వేగం కోసం పెట్టే శ్రమ మామూలు రోజున పెట్టేదానికి చాలా ఎక్కువ. గేరు తగ్గించి, హ్యాండిల్ మీదకి వంగి, 15కి ఒప్పుకోవడమే మార్గం. ఒప్పుకుని, అక్కడే మళ్లీ లెక్క వేశాను: మిగిలింది 49, పదిహేను చొప్పున మూడుంబావు గంటలు, ఆగేది ముప్పావు గంట అనుకుంటే నాలుగున్నర. గడువు లోపలే. టెన్షన్ పోయింది. ఉదయం మిగిలిన టైమంతా గాలి తినేసింది గానీ గడువు దాటలేదు.

బాల్కొండ దాటాక ఒక చోట రోడ్డు పక్కన చెరుకు రసం బండి. గ్లాసు తాగుతుంటే బండాయన బ్యాగు మీద అతికించిన కాగితం చదివాడు. "సైకిళ్లు ఇస్తందుకు సైకిల్ తొక్కుడు ఎందుకు సార్, బస్సుల పోయి ఇస్తే కాదా?" అన్నాడు. న్యాయమైన ప్రశ్నే. నేను బస్సులో పోతే కిలోమీటరుకి రూపాయి ఎవరిస్తారు అన్నాను. ఆయన కాసేపు ఆలోచించి, రసం డబ్బులు తీసుకోనన్నాడు. తీసుకోమని బతిమాలితే, "అయితే ఇరవై కిలోమీటర్లకు రాసుకో" అన్నాడు. ఆ ఇరవై రూపాయలు లెక్కలో ఉన్నాయి.

సోన్ బ్రిడ్జి మీద ఆగి గోదావరిని చూస్తూ నిర్మల్‌కి ఫోన్ చేశాను. నాలుగున్నరకి చేరాను. నలుగురు ఉన్నారు, వాళ్లూ అప్పుడే వచ్చారు. దండలో పువ్వులు తాజాగా ఉన్నాయి. వాళ్లలో ఒకాయన పొనికి చెక్కతో చేసిన చిన్న నిర్మల్ బొమ్మ ఇచ్చాడు, బొటనవేలంత జింక. అది మూడో రోజంతా హ్యాండిల్ బ్యాగులోనే ప్రయాణం చేసింది.

మూడో రోజు: నిర్మల్ నుంచి ఇంద్రవెల్లి

దూరం 80 మాత్రమే, అందరూ "ఇయ్యాల హాలిడేనే" అన్నారు. నాకు మాత్రం ఈ రోజు గురించే భయం, ఎందుకంటే నిర్మల్ దాటగానే ఘాట్. నేను పాత ఘాట్ రోడ్డే పట్టుకున్నాను.

ఘాట్ విషయంలో సగటు ఎలా మోసం చేస్తుందో ఒక చిన్న ఉదాహరణ చెప్తాను, మా పిల్లలకి క్లాసులో ఏటా చెప్పి నేనే మర్చిపోయిన సంగతి ఇది. ఆరు కిలోమీటర్లు ఎక్కుడు, గంటకి 9 మీద. ఆరు కిలోమీటర్లు దిగుడు, గంటకి 36 మీద. సగటు ఎంత? 9, 36 కలిపి రెండుతో భాగిస్తే ఇరవై రెండున్నర వస్తుంది, చాలామంది అదే అంటారు. కానీ ఎక్కడానికి 40 నిమిషాలు పట్టింది, దిగడానికి పది. మొత్తం 50 నిమిషాల్లో 12 కిలోమీటర్లు, అంటే గంటకి 14.4. ఎంత వేగంగా దిగినా ఎక్కేటప్పుడు పోయిన టైము తిరిగి రాదు, ఎందుకంటే నెమ్మదిగా పోయిన చోటే ఎక్కువసేపు ఉంటాం. పైగా నేను పోతున్న వైపు ఎక్కాక అంత దిగుడు కూడా లేదు, పైన మళ్లీ ఎత్తుపల్లాలే. అందుకే మూడో రోజుకి 16 వేశాను, ఐదు గంటలు తొక్కుడు, గంట నలభై నిమిషాలు ఆగుడు, ఏడింటికి బయల్దేరితే 1:40. స్కూలుకి రాసింది "ఒకటిన్నర నుంచి రెండున్నర".

ఏడింటికి లాడ్జి తలుపు తీస్తే ఎదురుగా రోడ్డే లేదు. పొగమంచు. వెనక ఎర్ర లైటు ఉంది, మెరిసే జాకెట్టు ఉంది, అయినా ఘాట్‌లో లారీ డ్రైవరుకి నేను పది అడుగుల దూరంలో కనిపిస్తే ఏం లాభం. అరగంట కూర్చున్నాను. ఉత్తరంలో గడువు రాసుకున్నాను కాబట్టి కూర్చోగలిగాను, 10 గంటలకి ఇంద్రవెల్లి అని ఇంకా మెడ మీద ఉండి ఉంటే ఆ మంచులోనే బయల్దేరేవాణ్నేమో.

ఘాట్ ఎక్కుతుంటే టేకు చెట్ల మధ్య మంచు చుక్కలు పెద్ద ఆకుల మీద నుంచి ఆకుల మీదకి జారి టప్ టప్ మని శబ్దం. పిట్టగోడ మీద కోతులు వరసగా కూర్చుని, నా మొహం కాదు, హ్యాండిల్ బ్యాగు చూస్తున్నాయి. మీటరు 8, 7, ఒక మలుపులో 6. అంత తక్కువలో సైకిల్ తిన్నగా నిలబడడమే ఒక పని. ఒక చోట దిగి నడిపించాను. నడిపించిన కిలోమీటర్లు కూడా లెక్కలోకి వస్తాయా అని బావ అడుగుతాడని ఊహించి, చక్రం తిరిగింది కదా అని జవాబు తయారు చేసుకున్నాను.

నేరడిగొండ, ఇచ్చోడ. ఇచ్చోడలో ఇద్దరు టీచర్లు చాయ్ ఇచ్చారు, చెప్పిన ఇరవై నిమిషాలు కాస్తా అరగంట అయింది. గుడిహత్నూర్ దగ్గర హైవే వదిలి కుడికి తిరగగానే ఒక్కసారిగా చప్పుడు తగ్గిపోయింది. పత్తి ఏరిన చేలు, కంది చేలు, ఎడ్లబండ్లు. ఎదురొచ్చే ముసలాయన చెయ్యెత్తి "రామ్ రామ్" అన్నాడు, నేనూ రామ్ రామ్ అన్నాను. కొన్ని రోజుల్లో పుష్య అమావాస్యకి కేస్లాపూర్‌లో నాగోబా జాతర, అందుకని అప్పుడే బండ్లకి రంగులు వేస్తున్న ఇళ్లు కనపడ్డాయి. ఇంద్రవెల్లి స్తూపం దగ్గర ఆగి చెప్పులు విప్పి నిలబడ్డాను. 1981 ఏప్రిల్ 20న పోలీసు కాల్పుల్లో చనిపోయిన గోండుల కోసం కట్టింది. అక్కడ ఫొటో తీసుకోవాలనిపించలేదు.

స్కూలు గేటు దగ్గరికి 2:20కి వచ్చాను. మధ్యాహ్న భోజనాలు అయిపోయాయి, పిల్లలు క్లాసుల్లో ఉన్నారు, ఎవరూ ఎండలో నిలబడి లేరు. నా ఫ్రెండ్ కావాలనే అలా చేశాడట. "నువ్వు చెప్పిన గడువు రెండున్నర, రెండున్నరకి బెల్ కొడదామనుకున్నా" అన్నాడు. ఆ పది నిమిషాలు వేపచెట్టు కింద కూర్చుని బూట్లు విప్పుకున్నాను.

పిల్లలు సైకిల్ చుట్టూ చేరి అన్నీ నొక్కి చూశారు. తొమ్మిదో తరగతి పిల్ల ఒకతి మీటరు చూసి ఇదేంటన్నది. చెప్పాను. మా గూడెం నుంచి ఆరు కిలోమీటర్లు, సైకిల్ మీద ఎంతసేపు పడుతుందని అడిగింది. పన్నెండు స్పీడనుకుంటే అరగంట అన్నాను. పక్కనున్న పిల్ల వెంటనే, "మధ్యల వాగు ఉన్నది సార్, ఆడ దిగి నూకాలె" అన్నది. నాకంటే ఆ పిల్లకే లెక్క బాగా వచ్చు. నలభై నిమిషాలు అని మార్చాను.

లెక్క

సాయంత్రం బస్సులో ఆదిలాబాద్ చేరి, తర్వాత కృష్ణా ఎక్స్‌ప్రెస్‌లో సైకిల్‌ని లగేజీగా బుక్ చేసి వరంగల్ బయల్దేరాను. పార్సిల్ ఆఫీసులో పెట్రోలు ట్యాంకు ఖాళీ చేశావా అని అడిగారు, చూపు పైకెత్తకుండానే. రైల్లో కూర్చుని ఆఖరి ఉత్తరం రాశాను.

కిలోమీటరు లెక్కన ఒప్పుకున్నవాళ్లందరిదీ కలిపితే కిలోమీటరుకి 200 రూపాయలు, 325కి 65,000. ఒకేసారి ఇచ్చినవాళ్లది 27,500, చెరుకు రసం ఇరవై అందులోనే. మొత్తం 92,500. సైకిల్ ఒక్కోటి 5,500 కాబట్టి 16 వచ్చాయి, 4,500 మిగిలాయి. ఇంకా రెండు సైకిళ్లకి 6,500 తక్కువ. ఆ మాట దాచకుండా పైనే రాశాను, 18 అన్నాను, 16 అయ్యాయి అని. మిగతా ఇద్దరు పిల్లలు ఎవరనేది స్కూలు వాళ్లే దూరం చూసి తేలుస్తారు. మీటరు ఫొటోలు మూడూ, వరండా గీతల ఫొటో, షాపు బిల్లు జత చేశాను. మూడు రోజుల మీటరు కూడితే, మొదటి రోజుది సరిచేశాక, ఊళ్లలో తిరిగిన తిరుగుడుతో సహా 331 వచ్చింది. ఆ ఆరు నావే.

మర్నాడు షాపాయన ఫోన్ చేసి మీ బావగారి డబ్బులు 3,222 వచ్చాయి అన్నాడు. 3,250 రావాలి. 28 రూపాయలు తక్కువ, అంటే 2.8 కిలోమీటర్లు, అంటే మొదటి రోజు 120లో మీటరు మింగినది. ఫోన్ చేస్తే ఎత్తలేదు. అక్కకి చేస్తే, "వరండాల కూసొని సైకిల్ చక్రం కొలుస్తుండు, టేపు దొరుకుతలేదని దర్జీ దగ్గరికి పంపిండు" అంది. రాత్రి తొమ్మిదింటికి షాపు ఖాతాకి 28 రూపాయలు వచ్చాయి.